ఒక్క అవయవమా, మొత్తం మనిషా?

నీట్ పీజీ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి దొరికేది కొద్ది రోజులే. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల డాక్టరు ఆ కొద్ది రోజుల్లోనే మిగతా జీవితమంతా ఏ పని చేయాలో తేల్చుకోవాలి. రేడియాలజీనా, ఎముకలా, పిల్లల వైద్యమా, జనరల్ మెడిసినా? ఇంట్లో ఒక మాట, హాస్టల్లో సీనియర్లది ఒక మాట, కోచింగ్ సెంటర్లో మరో మాట. చివరికి చాలామంది చేసేది ఒకటే. గత ఏడాది ఏ ర్యాంకుకు ఏ సీటు వచ్చిందో చూసి, తమ ర్యాంకుకు అందే వాటిలో గిరాకీ ఎక్కువున్న దాన్ని పైన పెడతారు.

పీజీ వద్దనుకునేవాళ్లు, పీజీ రానివాళ్లు ఇంకో దారిలో వెళ్తారు. కొందరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరు అవుతారు, కొందరు ప్రైవేటు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరతారు, కొందరు సొంత ఊళ్లో క్లినిక్ పెట్టుకుంటారు. ‘ఒట్టి ఎంబీబీఎస్సేనా?’ అన్న ప్రశ్న వాళ్లను పెళ్లిచూపుల దాకా వెంటాడుతుంది.

ఒకే రంగంలో లోతుగా వెళ్లాలా, అన్నీ తెలిసిన మనిషిగా ఉండాలా అన్నది ప్రతి వృత్తిలోనూ ఉన్న ప్రశ్నే. వైద్యంలో మాత్రం దాని ధర స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ ప్రతి మలుపుకూ ఒక పరీక్ష ఉంది, ఇన్నేళ్లని గడువు ఉంది, బాండు ఉంది. దారి మార్చుకుంటే ఏం పోతుందో కాగితం మీద లెక్కేసి చూసుకోవచ్చు.

ముందు ఆ లెక్కే చూద్దాం. పద్దెనిమిదేళ్లకు ఎంబీబీఎస్‌లో చేరితే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ ముగిసేసరికి ఇరవై మూడున్నర. నీట్ పీజీకి ఒక ఏడాది చదువుకున్నారనుకుంటే ఇరవై ఐదో ఏట పీజీలో చేరతారు. ఎండీ అయినా ఎంఎస్ అయినా మూడేళ్లు కాబట్టి ఇరవై ఎనిమిదికి స్పెషలిస్టు. గుండె, మెదడు, మూత్రపిండాల వంటి సూపర్ స్పెషాలిటీ కావాలంటే ఇంకో ప్రవేశ పరీక్ష, ఆపైన డీఎం లేదా ఎంసీహెచ్ మరో మూడేళ్లు. మధ్యలో ప్రభుత్వ సేవ బాండు ఉంటే అదీ కలపాలి. అన్నీ తొలి ప్రయత్నంలోనే దక్కినా, తన పేరు మీద రోగులను చూడటం మొదలుపెట్టేసరికి ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్లు. అదే ఎంబీబీఎస్‌తోనే స్థిరపడిన సహాధ్యాయి అప్పటికి ఎనిమిదేళ్లుగా సంపాదిస్తూ ఉంటాడు.

ఆ ఎనిమిదేళ్ల ముందంజ సూపర్ స్పెషలిస్టు ఆదాయం ముందు నిలబడదని ఎక్కువమంది నమ్మకం. మన దగ్గర దానికి బలమైన కారణాలున్నాయి. దగ్గుకు ఊపిరితిత్తుల డాక్టరు, తలనొప్పికి న్యూరాలజిస్టు అంటూ రోగి నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లిపోవచ్చు. ముందు ఫలానా జనరల్ డాక్టరును కలిసి చీటీ తెచ్చుకోవాలన్న నియమం లేదు. డబ్బు కదిలే తీరు కూడా అటే మొగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు కార్పొరేట్ ఆస్పత్రి తలుపులు తెరిచింది. అది మేలే చేసింది. అయితే ఆ పథకంలో ఆస్పత్రికి డబ్బు వచ్చేది జాబితాలో ఉన్న ఆపరేషన్లకు, చికిత్సలకు. స్టెంటు వేస్తే ఒక ప్యాకేజీ, కిడ్నీలో రాయి తీస్తే ఒక ప్యాకేజీ. పదేళ్లపాటు బీపీని అదుపులో ఉంచి, ఆ స్టెంటు అవసరమే రాకుండా చూసిన డాక్టరుకు అలాంటి ప్యాకేజీ ఏదీ లేదు. విద్యార్థులు దీన్ని గమనించకుండా ఎలా ఉంటారు?

అయినా స్పెషలిస్టు దారి ఎప్పుడూ భద్రమైనదని అనుకోవడం పొరపాటు. వైద్య చరిత్రలో మొత్తానికి మొత్తం స్పెషాలిటీలే అవసరం తీరి కుంచించుకుపోయిన సందర్భాలున్నాయి. వాటిలో ఒకటి మన నేల మీదే జరిగింది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోట ఒకప్పుడు పెద్ద క్షయ శానటోరియం ఉండేది. డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపించారు. టీబీకి మందు లేని కాలమది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, అవసరమైతే ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేయడం, ఇంకా అవసరమైతే పక్కటెముకలు తీసేసే ఆపరేషన్. ప్రపంచమంతటా ఇదే చికిత్స. శానటోరియం నడపడం, ఆ ఆపరేషన్లు చేయడం ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన గొప్ప నైపుణ్యాలు. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. 1959లో మద్రాసులో జరిగిన అధ్యయనం ఇంకో పెద్ద మాట తేల్చింది. మందులు సరిగా వేసుకుంటే, ఇరుకింట్లో ఉండి పేద తిండి తిన్న రోగికి కూడా శానటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా నయమవుతుందని రుజువైంది. ఆ తర్వాత శానటోరియాల అవసరమే తగ్గిపోయింది. ఆరోగ్యవరం అన్ని జబ్బులూ చూసే జనరల్ ఆస్పత్రిగా మారింది.

కడుపులో పుండ్ల కథ కూడా ఇలాంటిదే. 1970ల దాకా అల్సర్ ఆపరేషన్ జనరల్ సర్జన్ల రోజువారీ పని. పొట్టకు వెళ్లే నరాన్ని కోసి ఆమ్లం తగ్గించేవారు. 1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ అనే మాత్ర మార్కెట్లోకి వచ్చింది. ఎనభైలలో ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ చాలా పుండ్లకు మూలం ఒక బాక్టీరియా అని చూపించారు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు రెండు వారాల మందుల కోర్సుతో పోయే జబ్బుకు ఆపరేషన్ చేసేది పుండు పగిలినప్పుడో, రక్తస్రావం ఆగనప్పుడో మాత్రమే.

ఈ రెండు కథల్లోనూ నష్టం అందరికీ ఒకేలా జరగలేదన్నది గమనించాలి. అల్సర్ ఆపరేషన్లు తగ్గినంత మాత్రాన జనరల్ సర్జన్లు వీధిన పడలేదు. వాళ్ల చేతిలో హెర్నియా ఉంది, అపెండిక్స్ ఉంది, పిత్తాశయం ఉంది. గుండె విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మూసుకుపోతున్న గుండె రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, బుడగతో తెరిచారు. యాంజియోప్లాస్టీకి అది ఆరంభం. ఆ తర్వాత స్టెంట్లు వచ్చి, ఒకప్పుడు బైపాస్ తప్పదనుకున్న రోగుల్లో చాలామంది సర్జన్ బల్ల మీద నుంచి కార్డియాలజిస్టు క్యాథ్‌ల్యాబ్‌కు మారారు. అదే అవయవం, అదే జబ్బు. గుండె జబ్బు మొత్తాన్ని తన రంగంగా పెట్టుకున్న కార్డియాలజిస్టు కొత్త పద్ధతిని నేర్చుకుని పెరిగాడు. ఛాతీ తెరిచే ఆపరేషన్ మీదే ఆధారపడ్డ సర్జన్‌కు పని తగ్గింది. బైపాస్ పోలేదు, చాలా నాళాలు మూసుకుపోయిన రోగికి ఇప్పటికీ అదే మేలైన దారి. కానీ ఆ చదువుకు ఇన్నేళ్లు పెట్టడానికి జంకుతున్నవాళ్లు పెరిగారు. దేశంలో ఏటా వందల సూపర్ స్పెషాలిటీ సీట్లు మిగిలిపోతున్నాయి, గుండె శస్త్రచికిత్స సీట్లూ వాటిలో ఉంటున్నాయి.

కాబట్టి స్పెషలిస్టు కావాలనుకునేవాళ్లు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఎంత లోతుగా వెళ్లాలన్నది కాదు, దేని చుట్టూ లోతుగా వెళ్లాలన్నది. ఒక పరికరం చుట్టూ, ఒక ఆపరేషన్ చుట్టూ కట్టుకున్న జీవితం ఆ పరికరం పాతబడితే కదిలిపోతుంది. ఒక అవయవం చుట్టూ, ఒక వయసు రోగుల చుట్టూ కట్టుకున్నది పద్ధతులు మారినా నిలుస్తుంది. పిల్లలు ఎప్పుడూ ఉంటారు, మధుమేహం ఉన్నవాళ్లూ ఉంటారు.

ఇక స్పెషలిస్టు దారి ఎవరికి సరిపోతుందో చూద్దాం. హౌస్ సర్జన్సీలో దీనికి చాలా ఆనవాళ్లు దొరుకుతాయి, కాకపోతే వాటిని ఆనవాళ్లుగా గుర్తించేవాళ్లు తక్కువ. కంటి విభాగంలో పోస్టింగు పడ్డ ఇద్దరు హౌస్ సర్జన్లను తీసుకోండి. ఒకే రోజు ఇరవై శుక్లాల ఆపరేషన్లు చూశాక ఒకరికి ‘మళ్లీ అదేనా’ అనిపిస్తుంది. ఇంకొకరు పదహారో కేసులో సర్జన్ చేతి కోణం ఎందుకు మార్చారో అడుగుతారు. ఆ రెండో మనిషి లోతుకు పుట్టిన మనిషి. ఒకే పనిని వేలసార్లు చేయడంలో విసుగు రాకపోవడం, ప్రతిసారీ చిన్న తేడాను పట్టుకోవాలనిపించడం స్పెషలిస్టుకు అన్నిటికన్నా ముఖ్యమైన స్వభావం. కత్తి పట్టే రంగాల్లో నైపుణ్యం సంఖ్యతో వస్తుంది. ఏడాదికి పది చేసేవాళ్ల కన్నా ఏడాదికి మూడొందలు చేసేవాళ్ల దగ్గర రోగి భద్రంగా ఉంటాడు.

రెండో ఆనవాలు ఊరికి సంబంధించినది. క్యాథ్‌ల్యాబ్ లేకుండా యాంజియోప్లాస్టీ చేసే కార్డియాలజిస్టు లేడు. ఐసీయూ, మత్తు డాక్టరు, బ్లడ్ బ్యాంకు లేకుండా న్యూరోసర్జన్ లేడు. అంటే ఎంత సన్నని రంగం ఎంచుకుంటే అంత పెద్ద ఊళ్లో, అంత పెద్ద సంస్థలో, ఒకరి కింద పనిచేయాల్సి వస్తుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి చోట్ల ఉండటానికి ఇష్టపడేవాళ్లకు ఇది ఇబ్బంది కాదు. అమ్మానాన్నలను చూసుకుంటూ నర్సీపట్నంలోనో, నారాయణఖేడ్‌లోనో ఉండిపోవాలనుకునేవాళ్లు సూపర్ స్పెషాలిటీ ఎంచుకుంటే, మనసు ఒకచోట, పని ఒకచోట అవుతుంది.

జనరలిస్టు స్వభావం వేరు. మూడు రోజుల జ్వరంతో ఒక మనిషి వచ్చాడు. డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, స్క్రబ్ టైఫస్ కావచ్చు, ఏమీ చేయకపోయినా తగ్గిపోయే వైరల్ జ్వరం కావచ్చు. మొదటి రోజే పేరు పెట్టడం కుదరదు. ఏ పరీక్ష ఇప్పుడు చేయించాలి, ఏది రెండు రోజులు ఆగొచ్చు, ఏ లక్షణం కనిపిస్తే అర్ధరాత్రైనా పెద్దాస్పత్రికి పంపాలి అన్న నిర్ణయంలోనే అతని విద్య ఉంది. తొడల మీద, చంకల్లో, నడుము దగ్గర నల్లటి పొక్కు కోసం వెతకడం గుర్తున్న డాక్టరు స్క్రబ్ టైఫస్‌ను పట్టుకుని, డాక్సీసైక్లిన్‌తో చవగ్గా నయం చేస్తాడు. అది గుర్తురాని చోట జ్వరం ముదిరి, రోగి వెంటిలేటర్ దాకా వెళ్లొచ్చు. ఈ అనిశ్చితి ఎవరికి నిద్ర పట్టనివ్వదో వాళ్లకు ఈ దారి కష్టం. అందులోనే ఆసక్తి కలిగేవాళ్లకు, రోగి వెళ్లిపోయాక కూడా వాళ్ల ఇంటి సంగతులు గుర్తుండేవాళ్లకు ఇదే సరైన చోటు.

జనరలిస్టు డాక్టర్లు సమాజానికి ఎంత విలువైనవాళ్లో లెక్కలూ చెబుతున్నాయి. అమెరికాలో 2005 నుంచి 2015 వరకు వివరాలు తీసుకుని చేసిన పరిశోధన ఒకటి 2019లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. లక్ష జనాభాకు పదిమంది ప్రాథమిక వైద్యులు ఎక్కువున్న చోట ఆయుర్దాయం సగటున 51.5 రోజులు ఎక్కువగా కనిపించింది. పదిమంది స్పెషలిస్టులు ఎక్కువున్న చోట ఆ పెరుగుదల 19.2 రోజులు. ఇది ఒకదానికొకటి ఉన్న సంబంధమే తప్ప, ఇదే కారణమని తేల్చిన రుజువు కాదు. అయినా ఇంత తేడాను పక్కన పెట్టలేం.

సమాజానికి దక్కే ఆ లాభం డాక్టరు జేబులోకి రాకపోవడమే మన దగ్గర చిక్కు. బ్రిటన్‌లో ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల ఫౌండేషన్, మూడేళ్ల జీపీ శిక్షణ పూర్తిచేస్తే ఆ మనిషిని జనరల్ ప్రాక్టీసులో అర్హత పొందిన డాక్టరుగా గుర్తిస్తారు. ప్రజలు జీపీ దగ్గర పేరు నమోదు చేసుకుంటారు, సాధారణంగా పెద్దాస్పత్రికి దారి అక్కడి నుంచే. అక్కడికి వెళ్లిన తెలుగు డాక్టర్లలో జీపీలుగా స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, తక్కువవాళ్లమన్న భావన వాళ్లకు ఉండాల్సిన పనిలేదు. మన దేశంలోనూ ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్ల డీఎన్‌బీ ఉంది. జనరలిస్టుగా ఉండాలనుకునే యువ డాక్టరుకు అన్నిటికన్నా నికార్సైన చదువు అదే. కానీ వైద్య కళాశాలల్లో ఆ పేరుతో విభాగమే అరుదు. విద్యార్థి ఐదున్నరేళ్లలో ఒక్క ఫ్యామిలీ ఫిజీషియన్‌ను కూడా గురువుగా చూడడు. కనిపించని దారిని ఎవరు ఎంచుకుంటారు?

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది, ఇంకా తేల్చుకోలేనివాళ్లకు అదే మంచిదని చెప్పాలి. జనరల్ మెడిసిన్‌లో ఎండీ, జనరల్ సర్జరీలో ఎంఎస్, పిల్లల వైద్యంలో ఎండీ వంటివి రెండు పక్కలా తలుపులున్న చదువులు. జనరల్ మెడిసిన్ చేసినవాళ్లు చిన్న పట్నంలో ఫిజీషియన్‌గా అన్ని జబ్బులూ చూస్తూ ఉండిపోవచ్చు. మూడేళ్ల తర్వాత మనసు మారితే కార్డియాలజీకో, నెఫ్రాలజీకో, ఎండోక్రైనాలజీకో, గ్యాస్ట్రోఎంటరాలజీకో పరీక్ష రాయొచ్చు. నిర్ణయాన్ని మూడేళ్లు వెనక్కి నెట్టుకునే హక్కు ఆ చదువులో ఉంది. చర్మవ్యాధులు, రేడియాలజీ వంటి వాటికి మంచి రాబడి, ప్రశాంతమైన రాత్రులు ఉన్నాయి కానీ అక్కడి నుంచి ముందుకు తెరుచుకునే తలుపులు తక్కువ. వాటిని ఇష్టపడి తీసుకుంటే ఎంతో బాగుంటుంది. ర్యాంకు వచ్చింది కదా అని తీసుకుంటే ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

ఎంబీబీఎస్ తర్వాత ఏడాది ఫెలోషిప్పో, ఆన్‌లైన్ సర్టిఫికెట్టో చేసి బోర్డు మీద రాసుకునే పద్ధతి గురించి ఇక్కడే ఒక హెచ్చరిక. చదువుగా వాటిలో కొన్ని మంచివే, షుగరు రోగులను చక్కగా చూడటం నేర్పుతాయి. కానీ జాతీయ వైద్య కమిషన్ గుర్తించని అర్హతను రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ అదనపు అర్హతగా నమోదు చేయదు. దాని ఆధారంగా స్పెషలిస్టునని చెప్పుకోవడం చిక్కులు తెస్తుంది.

ఇప్పుడు అసలు బాధ పెట్టే విషయానికి వద్దాం. దారి మార్చుకుంటే ఏమవుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇరవై ఐదేళ్ల డాక్టరు ఎంఎస్ ఆర్థోపెడిక్స్‌లో చేరాడనుకోండి. ఎనిమిది నెలలకు అర్థమైంది, ప్రమాదాల కేసులు, రాత్రంతా ఆపరేషన్ థియేటరు, ఎక్స్‌రే కోసం వేసుకునే సీసపు ఆప్రాన్ బరువు తన వల్ల కావని. ఇప్పుడు మానేస్తే సీటు వదిలినందుకు జరిమానా కట్టాలి. రాష్ట్రాన్ని, కోటాను, సంవత్సరాన్ని బట్టి అది లక్షల్లో ఉండొచ్చు, కొన్ని చోట్ల కొంతకాలం కౌన్సెలింగ్‌లో పాల్గొననివ్వరు కూడా. మళ్లీ నీట్ పీజీ రాయాలి. అంతకన్నా మంచి ర్యాంకు వస్తుందన్న హామీ లేదు. అన్నీ కలిసొస్తే ఇరవై ఏడేళ్లకు కొత్త సీటు, ముప్ఫైకి ఎండీ. అంటే రెండేళ్లు పోయాయి.

మానేయకుండా పళ్లబిగువున మూడేళ్లూ పూర్తి చేశాడనుకుందాం. ఇరవై ఎనిమిదేళ్లు. ఇంకో స్పెషాలిటీ కావాలంటే మళ్లీ మూడేళ్లు, ప్రవేశానికి ఇంకో ఏడాది. ఇప్పటికే పీజీ ఉన్నవాళ్లను రెండో పీజీకి రానిస్తారో లేదో ఆ ఏడాది నిబంధనలు చూసుకోవాలి. ముప్ఫై రెండేళ్లకు మళ్లీ మొదటి మెట్టు. తనకన్నా చిన్నవాళ్లు సీనియర్ రెసిడెంటుగా ఉన్న యూనిట్‌లో జూనియరు. ఈ నష్టాన్ని చాలామంది స్టైపెండు లెక్కలో చూస్తారు. అది తప్పు. కెరీర్ నాలుగేళ్లు ఆలస్యమైతే పోయేది మొదటి నాలుగేళ్ల చిన్న జీతం కాదు, అనుభవం పండి పేరు వచ్చిన చివరి నాలుగేళ్ల రాబడి. ఎనిమిదో నెలలో మారితే రెండేళ్లు, మూడేళ్ల తర్వాత మారితే నాలుగేళ్లు. తనకు సరిపడలేదని నిజంగా తెలిసినవాళ్లు ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని ఆగకుండా తొందరగా బయటపడటమే మేలు.

అమెరికాలో ఇంకో రకం అడ్డంకి ఉంది. అక్కడ రెసిడెంట్ల శిక్షణకు మెడికేర్ ఆస్పత్రులకు డబ్బిస్తుంది. డాక్టరు మొదట ఏ రెసిడెన్సీలో చేరితే దాని కాలపరిమితిని బట్టి పూర్తి నిధులు ఎన్నేళ్లో నిర్ణయిస్తారు, అది ఐదేళ్లకు మించదు. మూడేళ్ల ఫ్యామిలీ మెడిసిన్‌లో మొదలుపెట్టి తర్వాత ఐదేళ్ల సర్జరీకి మారితే, ఆ గడువు దాటిన ఏళ్లకు ఆస్పత్రికి నేరుగా అందే శిక్షణ నిధుల లెక్కలో ఆ రెసిడెంటును సగం మనిషిగానే లెక్కిస్తారు. దరఖాస్తు చూసే ప్రోగ్రామ్ డైరెక్టరుకు ఆ సంగతి తెలుసు. అక్కడికి వెళ్లాలనుకునే తెలుగు విద్యార్థులకు ‘ముందు ఏదో ఒకదాంట్లో చేరదాం, తర్వాత మారదాం’ అన్న సలహా ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అన్ని మార్పులూ ఇంత ఖరీదైనవి కావు. మత్తు డాక్టరుకు ఊపిరి గొట్టం వేయడం, వెంటిలేటరు, బీపీని నిలబెట్టే మందులు రోజూ చేతిలో ఉండేవే. అతను ఐసీయూ వైద్యానికి మారితే పాత విద్యలో సగానికి పైగా వెంట వస్తుంది. అందుకే అనస్థీషియా నుంచి క్రిటికల్ కేర్‌కు, నొప్పి వైద్యానికి వెళ్లేవాళ్లు ఎక్కువ. పక్క గదిలోకి మారడం వేరు, ఇల్లు మారడం వేరు. కొత్త పనిలో పాత నైపుణ్యం ఎంత మిగులుతుందన్నదే మార్పు ధరను తేలుస్తుంది.

జనరలిస్టు స్పెషలిస్టుగా మారాలనుకుంటే? ముప్ఫై రెండేళ్ల పీహెచ్‌సీ డాక్టరు నీట్ పీజీకి కూర్చుంటే పన్నెండేళ్ల కిందట చదివిన అనాటమీ, బయోకెమిస్ట్రీతో సహా పంతొమ్మిది సబ్జెక్టులు మళ్లీ తిరగేయాలి. నిన్న కాలేజీ నుంచి బయటికొచ్చి, రోజంతా లైబ్రరీలో ఉన్నవాళ్లతో పోటీ. ఇలాంటివాళ్ల కోసమే ఇన్‌సర్వీస్ కోటా ఉంది. గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో నిర్ణీత కాలం పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లకు కొన్ని పీజీ సీట్లు కేటాయిస్తారు, చదివి వచ్చాక ప్రభుత్వంలోనే పనిచేస్తామని బాండు రాయించుకుంటారు. పీజీ డిగ్రీ సీట్లలో రాష్ట్రాలు ఇలాంటి కోటా పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టులో తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కోటాను తగ్గించడంపై 2024లో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు. పల్లెలో పనిచేస్తున్న డాక్టరుకు ఆ కోటా ముందుకు వెళ్లే ప్రధాన మార్గం. దాన్ని కుదిస్తే అసలు పల్లెకు వెళ్లడానికే వెనకాడతారు.

స్పెషలిస్టు జనరలిస్టుగా మారడం తేలికని అందరూ అనుకుంటారు, ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంది కదా అని. చట్టం అడ్డు చెప్పదు. కానీ వాడని విద్య తుప్పు పడుతుంది. 2020, 2021లలో కొవిడ్ వార్డుల్లో ఎముకల డాక్టర్లు, కంటి డాక్టర్లు, చర్మం డాక్టర్లు అందరూ డ్యూటీ చేశారు. ఆక్సిజన్ ప్రవాహం ఎంత పెట్టాలి, షుగరు రోగికి స్టెరాయిడ్ ఇస్తే ఏం చూసుకోవాలి అన్నవి చాలామంది మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. వార్డులను ముందుండి నడిపించింది జనరల్ మెడిసిన్, అనస్థీషియా, ఊపిరితిత్తుల విభాగాల వాళ్లు. పదిహేనేళ్లు ఒకే అవయవం చూసినవాళ్లు పల్లెలో క్లినిక్ పెట్టాలనుకుంటే కనీసం ఏడాదైనా ఒక మంచి ఫిజీషియన్ పక్కన కూర్చోవడం రోగుల పట్ల న్యాయం.

దారి మార్చుకోవడం అన్నప్పుడు గోవిందప్ప వెంకటస్వామి గురించి చెప్పుకోవాలి. 1918లో పుట్టిన ఆయన మద్రాసు స్టాన్లీ కళాశాలలో వైద్యం చదివి, సైన్యంలో డాక్టరుగా చేరారు. ప్రసూతి వైద్యుడు కావాలన్నది ఆయన కోరిక. ముప్ఫై ఏళ్ల వయసులో కీళ్లవాతం ఆయన వేళ్లను వంకర్లు తిప్పేసింది. చాలాకాలం మంచం మీదే ఉన్నారు. కాన్పులు చేయడం ఇక సాధ్యం కాదని తేలింది. అప్పుడు కంటి వైద్యం ఎంచుకుని, 1951లో డిప్లొమా పూర్తి చేశారు. తన వేళ్లకు సరిపోయే పరికరాలతో కత్తి పట్టడం మళ్లీ నేర్చుకున్నారు. 1976లో, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. జీవితకాలంలో తన చేతులతో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన మార్పు తొలి ఏళ్లలోనే జరిగింది. మారిన చోట కూడా తన శరీరం ఏ పనికి సహకరిస్తుందో చూసుకునే వెళ్లారు. కంటి ఆపరేషన్ చిన్నది, చిన్న పరికరాలతో చేసేది, బలం కన్నా నిదానం కావాల్సినది.

ఈ ఏడాది కౌన్సెలింగ్‌కు వెళ్తున్నవాళ్లు ఆప్షన్లు లాక్ చేసేముందు రెండు పనులు చేయాలి. పైన పెట్టాలనుకుంటున్న బ్రాంచిలో రెండో ఏడాది పీజీ ఎవరైనా తెలిసినవాళ్లుంటే, వాళ్లతో వరసగా కొన్ని రాత్రి డ్యూటీలు గడపండి. పగటి ఓపీ ఆ బ్రాంచి ముఖం మాత్రమే, దాని అసలు జీవితం రాత్రి రెండింటికి తెలుస్తుంది. తర్వాత యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లో సీటు వదిలేస్తే ఏమవుతుందో రాసిన పేజీని, బాండు పేజీని తల్లిదండ్రులతో కలిసి చదవండి. జరిమానా ఎంత, ఎన్నేళ్లు దూరం పెడతారు, ఏ తేదీలోపు వదిలితే నష్టం ఉండదు అన్నవి అందులోనే ఉంటాయి. ఆ తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకోండి.